లైఫ్ జాకెట్‌కు గలీబు

నాకు ముక్కు మీదే కోపం. ఊళ్లో అందరికీ తెలిసిన సంగతే. చేపల వేట నిషేధం ముగిసేలోపు ఊరి సభ పెట్టి, సముద్రంలో ప్రాణం ఎలా కాపాడుకోవాలో చెప్పాలని పెద్దలు అనుకున్నారు. ఏం చెప్పాలో తేల్చమని మమ్మల్ని ముగ్గురినీ వేశారు. మొదటిరోజే ఆశా అక్క నా వైపు చూసి, "మే, ఈసారన్నా మధ్యలో లేచిపోకుండా కూర్చో" అంది.

మాది వాకాడు వైపు సముద్రం ఒడ్డు ఊరు. నేను బళ్లో టీచర్ని. అక్క ఊరి ఆశా కార్యకర్త. మూడో మనిషి సరంగు మామ, ఒకప్పుడు పడవలు నడిపినవాడు, ఇప్పుడు చూపు తగ్గి ఒడ్డునే ఉంటున్నాడు. తుఫాను షెల్టరు మెట్ల మీద కూర్చునేవాళ్లం. మాకిచ్చింది అరగంట. అది దాటితే మగవాళ్లు లేచి వలల దగ్గరికి పోతారు, దేవుడు దిగొచ్చి చెప్పినా ఆగరు.

ఆ అరగంట కోసమే మా గొడవంతా. మామకు వాతావరణం ముఖ్యం. ఫోనుకొచ్చే హెచ్చరిక చూడకుండా బయల్దేరడం, అలలు విరుగుతున్నప్పుడు ఏరు సముద్రంలో కలిసే మొగ దాటడం, ఇవే మనుషుల్ని చంపుతున్నాయంటాడు. అక్కకు ప్రథమ చికిత్స ముఖ్యం. నీళ్లలోంచి తీసిన మనిషిని తలకిందులుగా పట్టి పొట్ట నొక్కుతారు గదా, అది మాన్పించాలి, ఊపిరి ఎలా ఊదాలో ఛాతీ ఎలా నొక్కాలో బొమ్మ మీద చూపించాలి అంటుంది. నాకు మాత్రం నా తమ్ముడు ముఖ్యం.

వాడు పోయిన ఏడాది మొగ దగ్గర పడవ తిరగబడి పోయాడు. మిగతా ఇద్దరూ ఈది బయటపడ్డారు. వాడు ఎవరింట్లో ఏ పనున్నా ముందుండేవాడు, నవ్వితే వీధి చివరికి వినపడేది. అది చెప్పాలన్నాను. వాడెలా పోయాడన్నది మాత్రం వద్దన్నాను.

ఎందుకంటే పడవలో లైఫ్ జాకెట్ ఉంది. వాడి తలకింద ఉండేది. గట్టిగా ఉంది, మెడకు గుచ్చుకుంటోందని వాడు విసుక్కుంటే, మా అమ్మ తన పాత చీర చింపి దానికి గలీబు కుట్టింది. పొలుసులు లోపలికి పోకుండా నాలుగు వైపులా మూసి కుట్టింది. సముద్రంలో మంచి దిండయింది. పడవ తిరగబడ్డప్పుడు దాన్ని విప్పి తొడుక్కునే వ్యవధి ఎక్కడిది? మర్నాడు ఆ దిండు ఒడ్డుకు కొట్టుకొచ్చింది. ఆ సాయంత్రం వాడూ వచ్చాడు.

అలే వాడిని తీసుకుపోయిందని అమ్మ అంటుంది. మేమూ అదే అంటాం. ఆ గలీబు మాట సభలో వస్తే, ముందు వరసలో కూర్చున్న మా అమ్మ ఏమైపోతుంది? నాకిదొక్కటే భయం.

మొదటి రెండు రోజులూ ఎవరి పాట వాళ్లు పాడాం. మూడోరోజు అక్క విసిగిపోయి, ఏదో శిక్షణలో నేర్చుకున్న పద్ధతి పెట్టింది. "ఎవురి మాట వాళ్లు చెప్పొద్దు. పక్కోళ్ల మాట చెప్పాల. వాళ్లే ఔనని తలూపేలాగా చెప్పాల. చెప్పినాక ఒకటే ప్రశ్న. ఇది విని, రేపు పొద్దున పడవెక్కేవోడు ఏం చేస్తాడు? జవాబు ల్యాకపోతే అది తీసేద్దాం."

నాకు మామ మాట వచ్చింది. మొగ గురించి నేను చెబుతుంటే, ఇన్నాళ్లూ ఆయన ఎందుకంత మొండిగా ఉన్నాడో నాకే అర్థమైంది. ఆయన తలూపాడు. అక్క మాటను కుదించి, మాటలు తగ్గించి, చేసి చూపించడం ఎక్కువ పెట్టుకుందాం అనుకున్నాం. తను చెప్పాలనుకున్న పాత తుఫానుల కథలు మామే తీసేశాడు. "అవి నా ముచ్చటలే" అని నవ్వాడు.

తర్వాత నా మాట అక్క చెప్పాలి. మామ తనకిమ్మని అడిగాడు. తమ్ముడి గురించి ఎంత బాగా చెప్పాడో! వాడు చిన్నప్పుడు మామ పడవలో దాక్కున్నది, దొరికినప్పుడు చెప్పిన అబద్ధం, అన్నీ. నేను తల ఊపాను, ఏడుస్తూనే.

అక్క ప్రశ్న అడిగింది. మామే జవాబిచ్చాడు. "కండ్లు తుడుచుకుంటారు. తుడుచుకొని పోయి జాకెట్ తలకింద పెట్టుకొని పడుకుంటారు" అన్నాడు. "వోడు మంచోడని చెప్తే చాల్దు అమ్మాయ్. ఎట్టా పోయినాడో చెప్పాల."

నేను ఒంటికాలి మీద లేచాను. "మీ బిడ్డయితే చెప్తారా? మా అమ్మను ఊరి ముందర నిలబెడతారా? కొడుకును చంపుకుందని చెప్పుకోవాల్నా అది?" నోటికొచ్చింది అన్నాను. మామ తల వంచుకుని విన్నాడు. తర్వాత నెమ్మదిగా, చేతులెత్తి తేల్చుకుందాం అన్నాడు. ఇద్దరొకవైపు, నేనొకదాన్ని. తేలిపోయేదే.

అక్క ఒప్పుకోలేదు. "మిగతా వాటికి ఎత్తుదాం. దీనికొద్దు. మొగ, వాతావరణం, ఊపిరి, అవి మనం తేల్చొచ్చు. ఇది మన ముగ్గురిదీ కాదు. వాళ్లమ్మది. ఆమెను అడగాల. ఆమె వద్దంటే ఇంక ఎవురూ ఎత్తకూడదు."

అడగడానికి నేనే పోయాను. అమ్మ వాకిట్లో రొయ్యపొట్టు ఎండబోస్తోంది. పక్కన కూర్చుని, మాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, సభ గురించే చెప్పాను. మామేం చెబుతాడో, అక్కేం చూపిస్తుందో చెప్పాను. తమ్ముడి దగ్గరికొచ్చేసరికి ఆపేసి, రొయ్యపొట్టులో పుల్లలు ఏరసాగాను.

"గలీబు గురించేగా" అంది అమ్మ.

నేను తలెత్తి చూశాను.

"నాకు తెలీదనుకుంటిరా? నన్ను చూసి ఊరంతా మాట మారుస్తా ఉంటే తెలీదా? నా చేత్తో కుట్టినా. ముడి కూడా గట్టిగా వేసినా, ఊడిపోకుండా." రొయ్యపొట్టు చేత్తో పలచగా పరుస్తూనే ఉంది. "వోడిదొక్కటే కాదమ్మా. వోడిది చూసి మా ఆయనకొకటి, మా పిల్లోడికొకటి అని వీధిలో ఆడోళ్లు అడిగినారు. అందరికీ కుట్టిచ్చినా. ఆ దిండ్లు ఇంకా పడవల్లోనే ఉండాయి. రేపు వాళ్లూ పోతారు గదా."

ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని ఏడ్చాం. ఏడాదిగా ఆమె కోసం నేను, నా కోసం ఆమె దాచుకున్న ఏడుపు అది.

సభలో మామ చెప్పాల్సింది చెప్పాడు. అక్క బొమ్మ మీద చూపించింది, కుర్రాళ్లను లేపి చేయించింది. నా వంతు వచ్చింది. తమ్ముడి నవ్వు గురించి చెప్పాను, గలీబు గురించి చెప్పాను, ఎవరు కుట్టారో మాత్రం చెప్పలేకపోయాను. అమ్మే లేచి నిలబడింది. "నేనే కుట్టినా" అంది. "మీ ఇండ్లల్లో ఉండేటివి కూడా నేనే కుట్టినా. తీసుకురాండి."

ఒక్కొక్కరే పోయి తెచ్చారు. అమ్మ నేల మీద కూర్చుని, కత్తెర మొన పెట్టి, తన కుట్లు తనే విప్పింది. ఒక్కో గలీబులోంచి నారింజరంగు బయటపడింది. విప్పిన ప్రతిదాన్నీ ఆ ఇంటి మగవాడి చేతికిచ్చి, తొడుక్కుని చూపించమంది. తొడుక్కున్నారు, పెద్దవాళ్లూ, చిన్నవాళ్లూ.

అన్నీ అయ్యాక ఇంటికొచ్చాం. తమ్ముడి దిండు పెట్టె మీద ఉంది, ఆ రోజు ఒడ్డుకు కొట్టుకొచ్చినదే. కత్తెర అమ్మ చేతిలోనే ఉంది. దిండును ఒళ్లో పెట్టుకుని, కుట్టు మీద వేలు పెట్టి చాలాసేపు తడుముతూ కూర్చుంది.

అది మాత్రం విప్పలేదు. తలకింద పెట్టుకుని పడుకుంది.