ఉక్కు కడ్డీ మూల

అనంతపురంలో నేను మెకానికల్ ఇంజనీరింగ్ చదివే రోజుల్లో ఆ బ్రాంచికంతా నేనొక్కదాన్నే ఆడపిల్లను. ధర్మవరంలో మగ్గాల చప్పుడు మధ్య పెరిగినదాన్ని, మామూలుగా మాట్లాడినా అరిచినట్టే ఉండేది. అందుకో ఏమో, ల్యాబులో ఎవరూ జతగా తీసుకోని మనిషిని నాకు అంటగట్టారు. ఆయనది తనకల్లు పక్క పల్లె. ఏడాది సీనియరు. హీట్ ట్రాన్స్‌ఫర్ ల్యాబు పరీక్ష తప్పి మళ్లీ మాతో కూర్చున్నాడు. నేను అన్నా అనేదాన్ని, ఆయన పాపా అనేవాడు.

ఈసారి కూడా తప్పితే చదువు మాన్పించి సేద్యంలో పెడతానని వాళ్ల నాయన తేల్చి చెప్పేశాడు. నాకు అన్న మీద జాలి వేసేది, ఆయన లెక్కలు చూస్తే ఒళ్లు మండేది.

నిరుడు ఆయన తప్పింది ఉక్కు కడ్డీ దగ్గర. పొడవాటి కడ్డీ, పది సెంటీమీటర్ల వెడల్పు, ఐదు సెంటీమీటర్ల ఎత్తు. దాన్ని మరిగే నీళ్లలో ఉంచి, లోపలిదాకా కాగాక తీసి, చల్లటి నీళ్ల తొట్టిలో ముంచాలి. రెండు నిమిషాల తర్వాత కడ్డీ పైమూల ఎంత వేడిగా ఉంటుందో లెక్క కట్టాలి. ఆ మూల అంచులో, కడ్డీ పొడవుకు సరిగ్గా నడుమ, వేడిని కొలిచే థర్మోకపుల్ తీగ దిగేసి ఉంటుంది. మీటరు చూపే అంకెకు మన లెక్క దగ్గరగా రావాలి.

మూల దగ్గర వేడి రెండు వైపులకూ పోతుంది. కాబట్టి కడ్డీని రెండు పలకలుగా ఊహించుకోవాలి: ఒకటి వెడల్పంత మందం, ఇంకొకటి ఎత్తంత మందం. నీటికంటే ఎక్కువగా ఉన్న వేడిలో ఒక్కో పలక అంచున ఎంత భాగం మిగిలిందో చార్టులో చూసి, ఆ రెండు భాగాలనూ గుణించాలి. చార్టులో వేసేది సగం మందం. పలకకు రెండు మొగాలూ చల్లబడతాయి కదా, నడుమ నుంచి వేడి అటు సగం ఇటు సగం పోతుంది.

అన్న నిరుడు భాగాలను కాకుండా డిగ్రీలను గుణించాడు. ఒక పలక డెబ్భై రెండు డిగ్రీలు, ఇంకో పలక అరవై మూడు. గుణిస్తే నాలుగువేల అయిదువందల పైచిలుకు. ఉక్కును చన్నీళ్లలో ముంచి ఆవిరి చేసిన మొనగాడని కాలేజీ అంతా పేరు పడిపోయింది.

"డిగ్రీలు కాదన్నా, మిగిలిన పాలు, అంటే భాగం. పాలును పాలుతో గుణించాల," అని నేను మొత్తుకునేదాన్ని.

"ఇప్పుడు తెలిసింది లే పాపా. ఆ పొద్దు పరీక్ష పెట్టేదానికొచ్చిన సారు మొగం చూస్తానే బుర్ర ఆగిపోయింది," అనేవాడు.

ఈసారి పరీక్షకు వచ్చిందీ ఆ సారే. కోస్తా మనిషి, తెల్ల చొక్కా, ముక్కు మీద కళ్లద్దాలు. చీటీ తీస్తే మాకు పడిందీ ఆ కడ్డీయే. అన్న చీటీ వంక చూసి, నా వంక చూసి, "మా నాయన గేటు కాడికొచ్చి కూసోనుండాడు పాపా," అన్నాడు.

ఎండాకాలం. కాలేజీ బావి అడుగంటింది. తొట్టిలో సగానికి తక్కువే నీళ్లు పోశారు. మామూలుగా కడ్డీని కొక్కేలకు వేలాడదీసి ముంచుతాం. ఆ నీళ్లలో వేలాడదీస్తే పై సగం బయటే ఉంటుంది. అందుకని తొట్టి అడుగున దళసరి చెక్క వేసి, దాని మీద కడ్డీని చదునుగా పడుకోబెట్టాం. పైమొగం నీళ్లలో మునిగితే చాలనుకున్నాం. నేను తెడ్డుతో నీళ్లు కలుపుతూ ఉంటే అన్న గడియారం చూశాడు.

లెక్క ఇద్దరం కలిసే కట్టాం. నీళ్లు ఇరవై ఎనిమిది డిగ్రీలు, కడ్డీ తొంభై ఎనిమిది. తేడా డెబ్భై. వెడల్పు పలక అంచున మిగిలిన పాలు నూటికి అరవై మూడు, ఎత్తు పలకకు యాభై. గుణిస్తే ముప్పై రెండుకు కొంచెం తక్కువ. డెబ్భైలో అది ఇరవై రెండు. అంటే మూల యాభై డిగ్రీలు ఉండాలి.

మీటరు యాభై ఆరు దగ్గర నిలబడింది.

సారు వంగి చూశాడు. "ఆరు డిగ్రీల తేడా ఎందుకొచ్చింది?" అన్నాడు. నేను నోరు తెరిచాను. "అమ్మాయ్, నువ్వు మాట్లాడకు. ఇతన్ని చెప్పనీ."

అప్పుడు పడ్డ అవస్థ నేను ఎన్నడూ పడలేదు. కారణం నాకు తట్టేసింది! నాలుక చివర ఉంది, బయటపెట్టే వీల్లేదు. అన్న చార్టు చూశాడు, లెక్కలు కట్టే స్లయిడ్ రూలు జరిపాడు, మళ్లీ చార్టు చూశాడు. కాగితాల మీద కాదు, తొట్టిలో చూడు మహానుభావా అని మనసులో తిట్టుకున్నాను.

"ఏమయ్యా, నిరుడు లాగే ఆవిరి చేస్తావా?" అన్నాడు సారు.

ఆ మాటకు అన్నకు రోషం వచ్చింది. కాగితం పక్కన పెట్టేసి తొట్టి దగ్గరికి పోయాడు. చేయి పెట్టి కడ్డీ కింద తడిమాడు.

"సార్, అడుగు మొగానికి నీళ్లే తగల్లేదు సార్. చెక్క మీద పండుకోనుండాది. ఆ పక్క నుంచి వేడి పోయేదానికి దావ లేదు."

"అయితే?"

"అయితే ఇది నిండు పలక కాదు సార్, సగం పలక. ఇంకో సగం చెక్క కింద ఉన్నట్టు అనుకోవల్ల. మనం సగం మందమని రెండున్నర ఏసినాం. ఏయాల్సింది మొత్తం ఐదు." గబగబా చార్టు మీద వేలు పెట్టాడు. "అట్లయితే వెడల్పు పలకలో సగమూ ఐదే, ఇదీ ఐదే. రెండూ అరవై మూడు పాళ్లే. గుణిస్తే నలభై. డెబ్భైలో నలభై పాళ్లంటే ఇరవై ఎనిమిది. నీళ్లు ఇంకో ఇరవై ఎనిమిది. యాభై ఆరు సార్!"

నేను చప్పట్లు కొట్టబోయి తెడ్డు తొట్టిలోకి జారవిడిచాను. సారు చొక్కా తడిసింది. ఆయన అదేమీ పట్టించుకోలేదు.

"బాగుంది. మరి చెక్కకు ఆనుకున్న కింది మూల సంగతేంటి? అదీ యాభై ఆరేనా?"

ఇది నేనూ ఆలోచించలేదు. అన్న ఒక్క క్షణం తల గోక్కున్నాడు.

"కాదు సార్, దానికంటే వేడిగా ఉంటాది. కంటికి అది మూలే గానీ, వేడికి ఆడ మూల లేదు. ఎత్తు లెక్కలో అది పలక నడుమ. నడుమ పాలును అంచు పాలుతో గుణించల్ల."

సారు కళ్లద్దాలు తీసి అన్న వంక చూశాడు. "పోవయ్యా, పాసు," అని నవ్వాడు. నా మార్కుల సంగతి ఆ క్షణం నాకు గుర్తే లేదు. అంత సంతోషం నా సొంత పరీక్షలకు కూడా ఎప్పుడూ కలగలేదు.

గేటు దగ్గర వాళ్ల నాయన తలపాగా విప్పి మొహం తుడుచుకుంటున్నాడు. పక్కనే అన్న హాస్టలు గది నుంచి తెచ్చిన ట్రంకుపెట్టె, తాడుతో కట్టేసి సిద్ధంగా ఉంది. కొడుకు తప్పుతాడని అంత నమ్మకం ఆయనకు.

"పాసైనా నాయనా."

"ఏమడిగినారప్పా?"

"కాలిన ఇనుం నీళ్లలో ముంచితే మూల ఎంత సల్లబడతాదని."

పెద్దాయన నా వంక తిరిగాడు. "ఇది తెలుసుకునేదానికి రెండేండ్లు పట్టిందా అమ్మా వీనికి?" అంటూనే వంగి తాడు విప్పడం మొదలుపెట్టాడు. ముడి గట్టిగా పడింది. కళ్లల్లో నీళ్లు కమ్మేసి ఆ ముడి ఆయనకు కనబడడం లేదని నాకు అర్థమైంది. నేను కూర్చుని ముడి విప్పాను.