కుడికి మర్లిన పిల్ల

నర్మద టీచర్ ఒక్క అట్టముక్క చూపించి పది కంప్యూటర్లను ఇబ్రహీంపట్నం పొలిమేరలోనే ఆపి, వచ్చిన దారినే తిప్పి పంపిందని బస్టాండు చాయ్ బండి దగ్గర ఇప్పటికీ చెప్పుకుంటారు. పక్కనున్న కొంగరకలాన్ ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో కూడా ఆ క్షణం మిషన్లు దగ్గాయట.

ఆమె సర్కారు బడి టీచరు. కంప్యూటర్ లేకుండానే కోడింగ్ నేర్పేది. నేల మీద సుద్దతో అయిదు వరసలు, వరసకు అయిదు గళ్లు. ఒక పిల్ల మిషన్, ఇంకొకరు ఆ మిషన్ ఏం చేయాలో రాసిన అట్టలు పేర్చాలి: ముంగటికి, ఎడమకు మర్లు, కుడికి మర్లు. మర్లు అంటే ఉన్న గడిలోనే తిరగడం, అడుగేయడం కాదు. మిషన్‌కు సొంత తెలివి ఉండొద్దు. అట్ట ఏమంటే అదే.

ఆ సోమవారం పట్నం కంపెనీ వాళ్లు చూడటానికి వస్తున్నారు. నచ్చితే బడికి పది కంప్యూటర్లు. అవి నర్మదకూ కావాలి, పిల్లలకు కీబోర్డు బొమ్మ గీసి చూపించీ చూపించీ విసుగెత్తింది.

వాళ్లు వచ్చేసరికి, ఎడమ పక్కనే గోడ ఉన్న మూల గడిలో స్వప్న మిషన్‌గా నిలబడింది. రెండడుగులు ముందుకు, కుడికి మర్లి మూడడుగులు వేస్తే నీళ్ల సీసా. అట్టలు పేర్చే ఐలేష్ రోజూ స్వప్న వెనకే నిలబడేవాడు. ఫొటోలో ముఖం పడాలని హెడ్మాస్టర్ రమాకాంత్ వాణ్ని ఎదురుగా నిలబెట్టాడు. అటు నుంచి చూస్తే సీసా వాడికి ఎడమ పక్క. వాడు ఎడమ అట్టే పెట్టాడు.

స్వప్న కుడికి మర్లింది. సీసా అందుకుంది. చప్పట్లు మోగాయి.

నర్మదకు నోట్లో విరిగిన పాలు పోసినట్టయింది. ఆ పిల్ల అట్టల వైపు చూడనే లేదు. వారం రోజులుగా హెడ్మాస్టరు ఆ పిల్లకు దారి బట్టీ పట్టించాడని అప్పుడర్థమైంది. వచ్చినవాళ్లూ అట్ట చూడలేదు, ఫోన్లే చూసుకున్నారు.

"నర్మదా, ఫొటో అయింది. ఊకో," అని రమాకాంత్ గొణిగాడు.

"ఊకుంటే రేపు పిల్లలు గిదే కోడింగ్ అనుకుంటరు సార్," అని ఆమె ఆ ఎడమ అట్ట ఎత్తి అందరికీ చూపించింది. "స్వప్నా, మళ్ల మొదటి గడి నుంచి. అట్ట ఏమంటే గదే చెయ్ బిడ్డా."

స్వప్న రెండడుగులేసింది. ఎడమకు మర్లింది. ఇంకో అడుగుకు గడి దాటి గోడకు నుదురు తాకింది. అప్పుడు ఐలేష్ గబగబా ఆమె వెనక్కి పోయి, అటే ముఖం పెట్టి చూసి, నాలుక కరుచుకుని అట్ట మార్చాడు. ఈసారి స్వప్న అట్టలే చదువుతూ సీసా చేరింది.

అప్పటికి కంపెనీ వాళ్లు కారెక్కారు. కంప్యూటర్లు ఎవరూ గోడకు తాకని ఇంకో బడికి పోయాయి. చాయ్ బండి కథ మాత్రం పెరుగుతూనే ఉంది. మొన్న ఎవరో ఆమెకే చెప్పబోతే మొహం చిట్లించింది.

"నేనేం ఆపలే. అట్ట ఎడమన్నది, పిల్ల కుడికి పోయింది. గదే తప్పు. తప్పని చెప్పిన, గంతే."