సగంలో ఆగిన వాక్యం

ఈస్టరుకు వారం ముందు, మట్టలాదివారం ఆరాధన అయ్యాక పాస్టరు అయ్యగారు నన్ను గుడి మెట్ల దగ్గర ఆపారు. ఈస్టర్ తెల్లవారుజామున ఆయనకు అల్లాదుర్గ్ వైపు ఒక ఆరాధన, నిజాంపేట వైపు మరొకటి ఉన్నాయట. ఉన్నది ఆయన ఒక్కరే. అందుకని మా పేటవాళ్ళు సమాధుల తోటలో చేసుకునే చిన్న సూర్యోదయ ఆరాధనలో వాక్యం చెప్పే పని సంఘంలోని ఆడవాళ్ళ బృందానికి, స్త్రీల మైత్రికి, అప్పజెప్పారు. స్త్రీల మైత్రి అంటే ఆయన లెక్కలో నేనే. "మీరు టీచరమ్మ గదా, మైకు మీకు కొత్తనా? జరసేపు చాలు. సమాధి కాడికి పోయిన ఆడోళ్ళ గురించి చెప్పుండ్రి," అన్నారు.

సరే అన్నాను. కాదంటే ఎందుకు కాదని అడుగుతారు. అప్పటికి నన్ను ఎవరూ ఏమీ అడగకుండా ఉంటే చాలు అన్నట్టున్నాను.

దానికి కొన్నాళ్ళ ముందు స్నానం చేస్తుంటే, సబ్బు చెయ్యి ఎడమ చంక కింద దేన్నో తాకి ఆగింది. శనగగింజంత గడ్డ. నొప్పి లేదు. నొప్పి ఉంటే ఎంత బాగుండేదో, కురుపని సరిపెట్టుకునేదాన్ని. మళ్ళీ తడిమాను. ఉంది. చెయ్యి కడుక్కుని, ఊపిరి బిగబట్టి ఇంకోసారి తడిమాను. అక్కడే ఉంది. బయటినుంచి మా ఆయన, ఇంతసేపేందని తలుపు కొడితే "ఏం లేదు" అన్నాను. అన్నాక నా గొంతులో మా అమ్మ గొంతు వినబడి ఇంకా భయపడ్డాను.

ఎందుకంటే మా అమ్మదీ అదే చోటు, అదే మాట. కొంగు సర్దుకునేటప్పుడు ముఖం చిట్లించేది, ఏమైందమ్మా అంటే "ఏం లేదు బిడ్డా" అనేది. చేత్తో బిందె ఎత్తలేక వంటింట్లో కూలబడిన రోజున కూడా ఏం లేదనే అంది. దవాఖానకు తీసుకుపోయేసరికి డాక్టర్లు మాతో కాకుండా ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారు. అమ్మ పోయినప్పుడు ఆఖరి స్నానం చేయించింది మా చిన్నమ్మ, అమ్మకు స్వయానా చెల్లెలు. ఇంకెవర్నీ గదిలోకి రానివ్వలేదు.

ఇప్పుడు నేను ఆ అమ్మ సమాధి పక్కన నిలబడి వాక్యం చెప్పాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, అదీ నా పరిస్థితి. ఒక్క మేలు మాత్రం జరిగింది. అన్నం సయించకపోయినా, తెల్లముఖం వేసుకుని కూర్చున్నా, అందరూ మైకు భయమే అనుకున్నారు. మా ఆయన ధైర్యం చెప్పాడు. బడిలో తోటి టీచర్లు ఆటపట్టించారు. నేనూ నవ్వాను.

రోజూ పొద్దుగూకాక నాలుగు సువార్తలూ ముందు వేసుకుని కూర్చునేదాన్ని. సమాధికి వెళ్ళిన ఆడవాళ్ళు ఎందరంటే ఒకచోట ముగ్గురు, ఒకచోట ఇద్దరు, ఒకచోట మగ్దలేనే మరియ ఒక్కతే. చీకటి ఉండగానే అని ఒకరు, పొద్దు పొడిచిందని ఒకరు. చావింట్లో ఎవరు ముందొచ్చారు, ఎవరు పక్కనున్నారు అని అడిగితే మన ఇళ్ళలోనూ తలా ఒక మాట చెప్తారు. అన్నిట్లోనూ మారనిది ఒక్కటే, మొదట వెళ్ళింది ఆడవాళ్ళు. ఆ కాలపు కోర్టుల్లో ఆడదాని సాక్ష్యానికి విలువ తక్కువ. కట్టుకథ అల్లేవాడు ఆడవాళ్ళను సాక్షులుగా పెట్టుకోడు కదా, ఆ మాట చెప్పాలనుకున్నాను.

ఎందుకు వెళ్ళారో కూడా చెప్పాలనుకున్నాను. యూదులకు శుక్రవారం పొద్దుగూకితే విశ్రాంతి దినం మొదలు, ఇక ఏ పనీ ముట్టుకోకూడదు. అందుకే క్రీస్తు దేహాన్ని హడావిడిగా గుడ్డలో చుట్టి రాతి గుహలో పెట్టారు. ఎక్కడ పెట్టారో ఆ ఆడవాళ్ళు దూరంనుంచి చూసి గుర్తుపెట్టుకున్నారు. శనివారమంతా చేతులు కట్టుకుని కూర్చుని, అది దాటగానే సుగంధ ద్రవ్యాలు కొనుక్కుని, తెల్లారకముందే బయల్దేరారు. పునరుత్థానం చూద్దామని కాదు. శవానికి చేయాల్సిన పని మిగిలిపోయిందని. అది చదివినప్పుడల్లా గది తలుపు మూసుకుని అక్కకు నీళ్ళు పోస్తున్న చిన్నమ్మే నాకు కనబడింది.

ఇక మిగిలింది నాలుగింటిలో చిన్నదైన సువార్త ముగింపు. తెల్లని బట్టల్లో కూర్చున్న పడుచువాడు, ఆయన లేచాడు, ఇక్కడ లేడు, వెళ్ళి శిష్యులకు చెప్పండి అంటాడు. వాళ్ళేమో వణుకుతూ పారిపోతారు. భయపడి ఎవరికీ ఏమీ చెప్పరు. బాగా పాత ప్రతులు కొన్ని అక్కడితోనే ఆగిపోతాయని, ఆ తర్వాతి వచనాలు వాటిలో లేవని అయ్యగారు ఒకసారి బైబిలు తరగతిలో చెప్పారు. నేను అక్కడ ఆగదలచుకోలేదు. భయపడ్డారు నిజమే, కానీ ఎప్పుడో ఒకప్పుడు చెప్పారు, చెప్పకపోతే ఈ చీకట్లో మనం ఇక్కడ ఎందుకుంటాం అని ముగించాలని రాసుకున్నాను. చాలా బాగుందనిపించింది. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, అది నాకే తగులుతుందని తట్టనేలేదు.

శనివారం సాయంత్రం మేమంతా సమాధులు కడిగి సున్నం వేశాం. నేను కుడిచేత్తోనే వేశాను. ఎడమ చెయ్యి ఎత్తాలంటే భయం, నొప్పి ఉందని కాదు, ఉంటుందేమోనని. చిన్నమ్మ బంతిపూలు గుచ్చుతూ నన్ను చూస్తూనే ఉంది.

తెల్లవారుజామున గేటు దగ్గర కలిశాం. పాములుంటాయని ఫోన్ల వెలుతురు కాళ్ళ ముందు వేసుకుంటూ లోపలికి నడిచాం. మసీదులో అజాన్ మొదలైతే, ఎప్పటిలాగే అది అయ్యేదాకా ఆగాం. తర్వాత మా సంఘపెద్ద పెద్ద కొవ్వొత్తి వెలిగించాడు. దాన్నించి ఒకరి కొవ్వొత్తి ఇంకొకరు అంటించుకుంటూ పోయారు. "క్రీస్తు లేచెను" అన్నాడాయన. "నిజముగా లేచెను" అన్నాం. అలా మూడుసార్లు. పాట అయింది, వాక్యం చదివారు. నన్ను పిలిచారు.

మా తోటలో సమాధులన్నీ తల పడమటికి, కాళ్ళు తూర్పుకి. లేచినప్పుడు ముఖం పొద్దుకేసి ఉండాలని పెద్దవాళ్ళు అలా పెట్టారు. నేను ప్రసంగానికి నిలబడితే అమ్మ సమాధి కుడిపక్కనే ఉంది, సాయంత్రం వేసిన సున్నం ఇంకా తడిగా మెరుస్తోంది. మైకు అందుకున్నాను. మొదలుపెట్టాక మాట దానంతటదే వచ్చింది. ముగ్గురి పేర్లు చెప్పాను. మిగిలిపోయిన పని గురించి చెప్పాను. అంత పెద్ద రాయి ఎవరు దొర్లిస్తారని వాళ్ళు దారిలో ఒకరినొకరు అడుక్కున్నారు, జవాబు తెలియకపోయినా వెనక్కి తిరగలేదు అని చెప్పాను. మన దగ్గర ఫలానా ఆయన లేడు అంటే పోయాడని అర్థం, అక్కడ ఆ పడుచువాడు లేడు అంటే బతికున్నాడని అర్థం, కానీ భయంలో ఉన్నవాళ్ళకు ఏ లేడు వినబడి ఉంటుందో ఆలోచించండి అన్నాను. ఎవరో అవ్వ ముక్కు చీదింది.

"వాళ్ళు పారిపోయిండ్రు. భయమైంది గనుక ఎవరికి ఏం చెప్పలేదు," అన్నాను.

తర్వాతి మాట రాలేదు. మరిచిపోలేదు, కళ్ళముందే ఉంది. కానీ ఎప్పుడో ఒకప్పుడు చెప్పారు. ఆ మాట నోటికి తెచ్చుకుంటే నేను చెప్పాలి. చెబితే దవాఖాన, చెబితే డాక్టర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం, చెబితే ఈ తడి సున్నం. నా చెయ్యి నాకు తెలియకుండానే ఎడమ చంక కిందికి పోయింది. అలాగే నిలబడిపోయాను.

మా సంఘపెద్ద ప్రసంగం అయిపోయిందనుకున్నాడు. "ఆమెన్" అన్నాడు. మావాళ్ళకు ఆ ఒక్కమాట చాలు. అందరూ ఆమెన్ అనేశారు, వెనక ఎవరో డప్పు అందుకున్నారు, పాట మొదలైంది. సరిగ్గా అప్పుడే గుట్టల మీద ఎర్రగా పొద్దు తేలింది. నేను మైకు ఇచ్చేసి పక్కకు తప్పుకున్నాను. ఎంత బాగా ముగించారు టీచరమ్మా, ఒళ్ళు జలదరించింది అని ఒకామె చెయ్యి పట్టుకుంది. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

ఆశీర్వాదం అయ్యాక ఎవరివాళ్ళ సమాధుల దగ్గరికి వాళ్ళు వెళ్ళి కొవ్వొత్తులు పెట్టారు. బన్నులు, చాయ్ పంచుతున్నారు. చిన్నమ్మ అమ్మ సమాధి దగ్గర పూలదండ సర్దుతోంది. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"సగంల ఆపినవ్," అంది నా వైపు చూడకుండానే. "మిగతది చెప్పు."

"అయిపోయింది చిన్నమ్మా."

"అయిపోలే. ఏమైందే నీకు?"

"ఏం లేదు," అన్నాను.

చిన్నమ్మ చేతులు దండ మీద ఆగిపోయాయి. ఆమె ముఖంలో రంగు దిగిపోవడం ఆ పొద్దు వెలుతురులో నాకు స్పష్టంగా కనబడింది.

"మీ అమ్మ అక్కడ పన్నదే గదా, అది గూడ నాకు గిదే చెప్పింది," అంది సమాధి వైపు చూపించి. "ఏం లేదు చెల్లె, ఏం లేదు చెల్లె అనుకుంట పోయింది. నీళ్ళు పోసేటప్పుడు చూసిన నేను. ఉన్నది. ఎంత ఉన్నదో చూసిన. గా మాట నా ముందర ఇంకోసారి అనకు బిడ్డా."

పిల్లలు బన్నుల కోసం కొట్లాడుకుంటున్నారు. అమ్మ తల వైపు ఉన్న రాతి మీద చెయ్యి ఆనించాను.

"ఉన్నది చిన్నమ్మా," అన్నాను.

ఎక్కడ అని అడగలేదు. ఎన్నాళ్ళ నుంచి అని అడగలేదు. తిట్టనూ లేదు, తిడుతుందనుకున్నాను. ప్రభువా అని కూడా అనలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని, మోకాలి మీద చెయ్యి ఆనించి లేచింది.

"రేపు దవాఖానకు పోదాం."

"ఏమంటరో చిన్నమ్మా."

"నాకేం తెలుసు," అంది. "రాయి ఎవరు తీస్తరో తెల్వకనే పోయిండ్రని నువ్వే చెప్తివి గదా. ఇద్దరం పోదాం."

నన్ను లేపడానికి చెయ్యి అందించింది. పట్టుకున్నాను. ఎత్తడానికి భయపడిన ఎడమ చేత్తోనే.