దయావతి గారి రద్దు ఉత్తరం

నర్సీపట్నం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా రేకుల షెడ్డు కింద నేను దస్తావేజులు రాసి ముప్ఫై ఏళ్లు బతికాను. ఎన్నో కొంపలు నా కలం కింద చేతులు మారాయి. వాటిలో చాలావరకు మరిచిపోయాను. దయావతి గారి కాగితాలు మాత్రం మరిచిపోలేదు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ మంటలో సగం నా మీదే.

ఆవిడ నర్సు. పెళ్లి చేసుకోలేదు. మిషన్ ఆసుపత్రి జీతంలోంచి కూడబెట్టి, చర్చి వెనక వీధిలో నాలుగు సెంట్ల జాగా కొని, నాలుగు గదుల పెంకుటిల్లు కట్టింది. సున్నం గానుగ ఆడించిన నాడు ఆవిడ అక్కడే నిలబడి ఇసుక జల్లెడ పట్టించిందని మేస్త్రీ దేవుళ్లు చెప్పేవాడు. రిటైరయ్యాక ఆ ఇంట్లో ఉండాలి, పెరట్లో నాలుగు కోళ్లు పెంచుకోవాలి. అంతకు మించి ఆవిడకి ఆశ లేదు.

1972లో ఆవిణ్ణి ఒరిస్సా సరిహద్దు దగ్గరి ఆసుపత్రికి బదిలీ చేశారు. ఇల్లు అద్దెకిచ్చి వెళ్లాలి. చూసుకోవడానికి అక్క కొడుకు జాన్ బాబు ఉన్నాడు. వాడికి టైపు నేర్పించింది ఆవిడే, పెళ్లికి సూటు కుట్టించిందీ ఆవిడే. ఇద్దరూ నా షెడ్డుకి వచ్చారు.

"అద్దె వసూలు సెయ్యడానికీ, రిపేర్లు సేయించడానికీ కాగితం రాయండి మంగరాజు గారూ. అంతే," అంది.

నా దగ్గర జనరల్ పవర్ ఆఫ్ అటార్నీకి ఒక నమూనా ఉండేది. నా గురువు రాసిందే నేను రాసేవాణ్ని, నేను రాసిందే మిగతా లేఖరులూ రాసేవారు. అందులో అద్దె వసూలుతో పాటు "ఎంత కాలపరిమితికైనా లీజు దస్తావేజులు రాసి రిజిష్టరు చేయించుటకు" అన్న ముక్క కూడా ఉండేది. ఆవిడ అడగలేదు. నేను కొట్టెయ్యలేదు. నమూనాలో ఉందని దించేశాను. గబగబా చదివి వినిపించాను, ఆవిడ తలూపింది, లోపలికెళ్లి రిజిస్టరు చేయించుకున్నారు. నా మీద నా కోపమంతా అక్కడే మొదలు.

మొదట ఏడేళ్లు ఒక హైస్కూలు మాస్టారి కుటుంబం ఆ ఇంట్లో ఉంది. వాళ్లు పోయాక జాన్ బాబు ఆ ఇంటిని మన్మథరావు అనే ఉప్పు వ్యాపారికి గోడౌనుగా ఇచ్చేశాడు. మన్య సంతలకు వెళ్లే ఉప్పంతా ఇక్కడి నుంచే లారీలెక్కేది. ఉప్పు సంగతి తెలిసిన ఎవడూ పెంకుటింట్లో బస్తాలు పేర్చనివ్వడు. చెమ్మ పట్టిన ఉప్పు సున్నపు గోడలోకి దిగి దాన్ని లోపల్నుంచి తినేస్తుంది. జాన్ బాబుకి తెలియదా? బాగా తెలుసు. సంసారులైతే వాన కురిసినప్పుడల్లా పెంకు సర్దించమని గొడవ చేస్తారు. బస్తాలు నోరెత్తవు. ఇక పిన్నికి మాత్రం "ఇల్లు క్షేమం, వందనాలు" అని కార్డు ముక్క రాసి పడేసేవాడు.

1984 జూన్‌లో ఆవిడ సెలవు మీద వచ్చి ఇల్లు చూసింది. నడుమెత్తు దాకా గార రాలిపోయి ఇటుక బయటపడింది. తలుపుల బందులు తుప్పు పట్టి విరిగాయి. పెరట్లో నూతి నీళ్లు నోట పెట్టలేనట్టు ఉన్నాయి. ఆవిడ నేరుగా జాన్ బాబు ఇంటికి వెళ్లి అడిగిందట. వాడు కుర్చీలోంచి లేవకుండా, "పిన్నీ, నువ్వెక్కడో ఉంటావు. ఇక్కడి తిప్పలు నీకేటి తెలుసు?" అన్నాడట. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు అయింది ఆవిడ పని.

అక్కణ్నుంచి సరాసరి నా దగ్గరికి వచ్చింది.

"ఆ పవర్ తీసెయ్యాలి. ఇప్పుడే," అంది.

నేను ఆవిణ్ణి కూర్చోబెట్టి చెప్పాను. "మూడు పనులు చెయ్యాలమ్మా. రద్దు దస్తావేజు ఈ ఆఫీసులోనే రిజిస్టరు చేయించాలి. జాన్ బాబుకి రద్దు ఉత్తరం రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి. అద్దెకున్న ఆసామికీ ఒకటి పంపాలి. రద్దయిందని వాళ్లకి తెలిసేదాకా జాన్ బాబు పెట్టిన సంతకం మీ సంతకం కిందే లెక్క."

రెండు ఉత్తరాలూ అప్పుడే రాసి సంతకాలు పెట్టించాను. "1972లో తమకిచ్చిన అధికార పత్రమును ఇందుమూలముగా రద్దు చేయుచున్నాను. ఇకమీదట నా ఇంటి విషయమై తమరు ఏ పనీ చేయరాదు" అని జాన్ బాబుకి. రద్దు సంగతితో పాటు, ఆగస్టు ఆఖరుకల్లా ఇల్లు ఖాళీ చెయ్యమని మన్మథరావుకి. దస్తావేజు మర్నాడు రిజిస్టరు చేద్దామనుకున్నాం.

ఆ సాయంత్రమే చర్చి సంఘ పెద్ద జ్ఞానానందం గారికి సంగతి తెలిసింది. ఆయన తెల్లపంచె, పెద్దరికం, మెత్తటి మాట. ఆ సంఘంలో ఒక ఆచారం ఉండేది. విశ్వాసికీ విశ్వాసికీ తగువొస్తే కోర్టులకీ ఆఫీసులకీ ఎక్కకూడదు, పెద్దల ముందే తేల్చుకోవాలి. ఆయన మర్నాడు పొద్దున్నే ఆవిణ్ణి వెంటబెట్టుకుని నా షెడ్డుకి వచ్చాడు.

"అమ్మా దయావతీ, కన్నకొడుకులాంటోడికి రిజిస్టర్డ్ ఉత్తరమేటమ్మా? పోస్టుమేను వీధంతా సాటుతాడు. ఆ రెండూ నాకియ్యి. ప్రార్థన సేసి నా సేత్తో నేనే ఇస్తాను. మాట ఇనకపోతే అప్పుడు రిజిస్టరు సేయిద్దుగాని."

నేను వద్దన్నాను. "అయ్యగారూ, ఇది ప్రార్థనతో అయ్యే పని కాదండీ," అన్నాను. ఆయన నా వైపు జాలిగా చూశాడు. దయావతి గారు చిన్నప్పటి నుంచి ఆ సంఘం అన్నం తిని, ఆ సంఘం బళ్లో చదువుకున్న మనిషి. రెండు కవర్లూ ఆయన చేతిలో పెట్టి, మిగిలిన రెండు నెలల డ్యూటీకి వెళ్లిపోయింది.

ఆగస్టు ఆఖరున ఆవిడ రిటైరై ఒక ట్రంకు పెట్టె, పరుపు చుట్టతో బస్సు దిగింది. ఉప్పు ఖాళీ అయివుంటుందనుకుని రిక్షాలో నేరుగా ఇంటికే వెళ్లింది. గుమ్మానికి కొత్త తాళం ఉంది. కిటికీలోంచి చూస్తే బస్తాలు పైకప్పు దాకా ఉన్నాయి. మన్మథరావు గుమాస్తా కాగితం చూపించాడు. జూలైలో రిజిస్టరైన లీజు దస్తావేజు. ఐదేళ్లకి. దయావతి గారి తరఫున సంతకం జాన్ బాబుది.

ట్రంకు పెట్టె రిక్షాలోనే ఉంచి నా దగ్గరికి వచ్చింది. నేను ఆఫీసులో విచారిస్తే నిజమే. ఆ లీజు వేరే లేఖరి రాశాడు. ఆ రోజు నేను యలమంచిలిలో పెళ్లికి వెళ్లాను.

ఇద్దరం జ్ఞానానందం గారింటికి వెళ్లాం. ఆయన మమ్మల్ని చూసి పెద్ద బైబిలు తెరిచాడు. రెండు కవర్లూ అందులోనే ఉన్నాయి. అంటించిన జిగురు కూడా చెదరలేదు.

"ఇంకా ప్రార్థనలోనే ఉన్నానమ్మా," అన్నాడు. "ఆడికి ఒక్క మాట మాత్రం సెప్పాను. 'పిన్ని కోపంగా ఉంది, బేగి ఇల్లు సక్కబెట్టుకో' అన్నాను."

వాడు చక్కబెట్టుకున్నాడు మరి! పిన్ని రిటైరై వస్తుందని, వస్తే తన పెత్తనం పోతుందని గ్రహించి, రద్దు మాట చెవిన పడకముందే ఐదేళ్లకి గుంజ పాతేశాడు. ఈ పెద్దమనిషి ఉత్తరం ఇవ్వలేదు గానీ హెచ్చరిక మాత్రం ఇచ్చాడు. దొంగకి తాళం చెవి ఇవ్వలేదట, ఇంటివాళ్లు ఊళ్లో లేరని మాత్రం చెప్పాడట! నేను నోటికొచ్చినట్టు తిట్టాను. ఆవిడ మాత్రం కవర్లు లాక్కుని బయటికి నడిచింది.

షెడ్డుకి వచ్చాక, "పాత కాగితం సదవండి," అంది. చదివాను. "ఎంత కాలపరిమితికైనా" అన్న చోట ఆవిడ వేలు పెట్టింది.

"ఇది నేను అడిగానా మంగరాజు గారూ?"

"లేదమ్మా."

"మరెందుకు రాశారు?"

నమూనాలో ఉందని చెప్పాను. చెబుతుంటే నాకే సిగ్గేసింది.

"ముప్ఫయ్యేళ్లు సూదులు పొడిసాను. సీసా మీద పేరు సదవకుండా ఎవరికైనా పొడిసుంటే నన్ను ఉరి తీసేవోరు," అంది.

ఆ రోజే రద్దు దస్తావేజు రిజిస్టరు చేయించాం. రెండు ఉత్తరాలూ కొత్తగా రాసి, రసీదు కార్డులు జతచేసి, రిజిస్టర్డ్ పోస్టులో వేశాం. మూడో రోజున మన్మథరావు ఆ కవరు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. చెడ్డవాడు కాదు, వ్యాపారి.

"ఈ ఉత్తరం జూన్‌లో అందుంటే నేను ఆ లీజు మీద సంతకం ఎట్టేవోణ్నేటండీ? ఇప్పుడు మన్యంలో మూడు సంతలకి ఒప్పుకున్నాను. ఇకనించి అద్దె అమ్మగారికే ఇస్తాను. గోడౌను మాత్రం ఒదల్లేను," అన్నాడు. చట్టం అతని పక్కనే ఉంది. అతనికి తెలియకముందే జరిగిన లీజు అది.

జాన్ బాబు ఉత్తరం తీసుకోలేదు. పోస్టుమేన్ "నిరాకరించారు" అని రాసి తిప్పి పంపాడు. అలా నిరాకరిస్తే అందినట్టే లెక్క అని ఆవిడకి చెప్పాను. ఆవిడ వినిపించుకోలేదు.

ఆ ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక ప్రకటనలు చదువుతుండగా దయావతి గారు లేచి ముందుకు నడిచిందట. వెనక బల్ల మీద కూర్చున్న మేస్త్రీ దేవుళ్లు నాకు చెప్పాడు. తిరిగొచ్చిన కవరు అందరి ముందూ చించి, ఉత్తరం మొదటి నుంచి చివరి దాకా, దస్తావేజు నంబరుతో సహా చదివింది. జాన్ బాబు మూడో వరుసలో భార్య పక్కన తలొంచుకుని కూర్చున్నాడు.

జ్ఞానానందం గారు గాభరాగా లేచి, "సంఘమా, ప్రార్థన సేద్దాం," అన్నాడు.

"ప్రార్థన తర్వాత అయ్యగారూ. మీ ప్రార్థన నా ఐదేళ్లు తినేసింది. ముందు ఆడు ఇన్నాడని ఇక్కడ సాక్షి సంతకం ఎట్టండి," అంది ఆవిడ, పెన్ను చాచి.

ఆయన పెట్టాడు.

ఆ సంతకం చట్టానికి అవసరం లేదు. ఇంటినీ వెనక్కి తేలేదు. లీజు ఐదేళ్లూ నడిచింది. ఆవిడ సొంత ఇంటికి సరిగ్గా ఎదురుగా ఒక గది అద్దెకు తీసుకుని, ఆ ఐదేళ్లూ అందులోనే ఉంది. రోజూ ఆవిడ కళ్ల ముందే ఉప్పు బస్తాలు దిగేవి, ఎక్కేవి. 1987 వానలకి ఉత్తరపు గోడ కూలిపోతే గుమ్మంలో నిలబడి చూసింది.

నేను ఆగలేక ఒకసారి అడిగాను. "ఊళ్లో ఇన్ని గదులుండగా ఇక్కడే ఎందుకమ్మా? చూస్తూ చూస్తూ ఎందుకీ బాధ?"

"సల్లారిపోతానేమోనని భయం మంగరాజు గారూ," అంది. "ఆడు పండక్కి కేకు పట్టుకొచ్చి 'పిన్నీ' అంటాడు. అయ్యగారు ప్రార్థన సేద్దామంటాడు. మీరు తలొంచుకు నిలబడతారు. నాది మెత్తటి మనసు, సెమించేస్తాను. ఇది ఎదురుగా ఉంటే సెమించను."