గంగాళంలో చాకు

మా అత్త కాటమ్మ వేళ్ల మీద ఒక్క గాటు కూడా ఉండేది కాదు. మా ఊరు అరసికెరెలో ఏ ఇంట్లో పండగ జరిగినా కూరగాయలు తరగడానికి ఆమెనే పిలిచేవాళ్లు. ఆ పిలుపంటే ఆమెకు ఎంత గర్వమో, నాకు అంత ఒళ్లుమంట.

మహారాజుల కాలం అది. ఎక్కడో యుద్ధం జరుగుతోందని సంతలో చెప్పుకునేవాళ్లు. మా ఇంట్లో యుద్ధం చాకు గురించి. గొర్రెలు మేపే కుటుంబం కాబట్టి ఉన్ని వడకడం అత్త పని. ఆమె కుడిచేతి చూపుడువేలు, బొటనవేలు కలిస్తే దారం తెగకుండా సాగేది. ఆ దారంతోనే మా ఆయన హొన్నూరప్ప కంబళ్లు నేసేవాడు. అందుకే కాబోలు, వేళ్ల విషయంలో అత్తకు అంత పట్టుదల.

నేను కోడలిగా వచ్చిన కొత్తలో సొరకాయ చెక్కు తీసి, చేతిలో పట్టుకునే కొయ్యబోయాను.

"యాడ కోస్తుండావమ్మీ, చేతిలోనా? చెక్కు తీసినాక అది చేపమాదిరి జారుతాది. గుడ్డతో తుడువు. రెండు చెక్కలు చేసి, కోసిన పక్క పలకమీద బోర్లా పెట్టు. వేళ్ల కొసలు లోపలికి ముడుచుకో" అంది.

"పదును తగ్గిస్తే సరిపోతాది గదా అత్తా, వేలు తెగదు" అన్నాను, తెలివి ఒలకబోస్తూ.

ఆమె నవ్వింది. "మొద్దుకత్తిమీద బలం ఎక్కువ పెడతావు. అది కాయమీద దిగక, జారి నీమీదికే వస్తాది."

వారానికొకసారి సానరాయి తడిపి, చాకును కొంచెం వాల్చి, రెండు పక్కలా సమంగా నూరేది. పదును చూడ్డానికి వేలు పెట్టేది కాదు, ఉల్లిపాయ పొట్టు మీద గీసి చూసేది. పనయ్యాక తనే కడిగి, వెన్నువైపు నుంచి తుడిచి, గొర్రెతోలు ఒరలో దోపి, పిల్లలకందని గూట్లో పెట్టేది. చాకును అంట్లలో వేస్తే మాత్రం ఊరుకునేది కాదు. "నీళ్లలో మునిగిన కత్తి కనపడదు" అని వంద సార్లు చెప్పింది. చాకుకు ఈ సేవలేమిటని నేను మూతి తిప్పుకునేదాన్ని.

ఒక పొద్దున వంకాయలు తరుగుతున్నాను. పొయ్యిమీద సంగటి ఎసరు పొంగింది. చాకును అంట్ల గంగాళంలో పడేసి పరిగెత్తాను. ఎసరు దించాను, చాకును మరిచాను. కాదు, మరవలేదు. తర్వాత తియ్యొచ్చులే అనుకున్నాను. అబద్ధం చెప్పి ఇప్పుడు నాకు ఒరిగేదేముంది?

గంగాళంలో నీళ్లు బూడిదతో నల్లగా ఉన్నాయి. అత్త వచ్చి, నాకు సాయంగా చెయ్యి లోపలికి పెట్టింది. అరవలేదు. చెయ్యి పైకెత్తింది. చూపుడువేలి మొదట్లో నెత్తురు బుడబుడమంటోంది. ఉతికిన గుడ్డ తనే గట్టిగా అదిమిపట్టుకుని, చెయ్యి దించకుండా బండెక్కింది. పావగడ ఆసుపత్రిలో కుట్లు వేశారు. పుండు మానింది. వేలు మాత్రం మళ్లీ వంగలేదు. లోపల నరం తెగిందన్నారు.

మా ఆయన తల్లిమీదే విరుచుకుపడ్డాడు. "ఊరంతటికీ బుద్ధి చెప్తావు, చాకు నీళ్లలో ఏసింది ఎవరు?"

అత్త నావైపు చూడలేదు. "నేనేలేరా. మరిచిపోయినా" అంది.

నేను నోరు విప్పలేదు. సిగ్గుతో చచ్చిపోతున్నా విప్పలేదు. ఆ తర్వాత ఆమె కదురు దగ్గర కూర్చుంటే దారం పుటుక్కున తెగేది. ముడేసి మళ్లీ మొదలుపెట్టేది, మళ్లీ తెగేది. నెలకే కదురు అటకెక్కింది. నేను ఆ వైపు చూడకుండా ఇల్లు ఊడ్చేదాన్ని.

మరుసటేడు మా ఊరి మల్లేశప్ప ఇంట్లో మనవడిని ఉయ్యాల్లో వేసే తొట్లు పండగ చేశారు. ఆ ఇంటి నుంచి పిలవడానికి వచ్చిన మారక్క అత్త ముందే, "కాటమ్మక్కకు వద్దులే, చాకు యాడ పెట్టిందో తెలీక చెయ్యి కోసుకునింది. ముత్తక్కా, నువ్వే రామ్మా" అని నన్ను పిలిచింది. అత్త చాకును ఒరతో తెచ్చి, పిడి నావైపు తిప్పి అందించింది.

పండగింట్లో నేను సొరకాయ తరుగుతుంటే అత్త మూల కూర్చుని అనపకాయలు ఒలుస్తోంది. వంగని వేలు పక్కకు నిలబడి ఉంది.

"అత్త కంటే కోడలే మేలప్పా!" అని మారక్క నవ్వింది. నలుగురూ నవ్వారు. అత్త కూడా నవ్వాలని చూసింది.

ఇక నావల్ల కాలేదు. "ఆ పొద్దు చాకు నీళ్లలో ఏసింది నేనే. ఏడాదిగా నోరు మూసుకుని ఉండాను. ఈమె తప్పు ఏమీ లేదు" అన్నాను. కన్నీళ్లు చేతులమీద, సొరచెక్క మీద పడుతున్నాయి.

"నాకు ఆ పొద్దే తెలుసులేవే. వంకాయలు తరిగింది నువ్వే గదా" అంది అత్త.

ఆ వంగని వేలితోనే పక్కనున్న గుడ్డను నావైపు నెట్టింది.

"ముందు చాకు కింద పెట్టు. చేతులు తుడుచుకో. తడిగా ఉండాయి, జారుతాది."