ఇంటర్వ్యూ అయిన ఇరవై మూడో రోజు

ఆస్పత్రిలో ఆమెను అందరూ టేపక్క అనేవారు. ఆపరేషన్ సామాన్లను గుడ్డలో చుట్టి, మూట మీద ఒక టేపు అంటించి, ఆవిరి మిషన్‌లోకి ఎక్కించడం ఆమె పని. ఆవిరి తగిలితే ఆ టేపు మీది చారలు నల్లబడతాయి. పద్నాలుగేళ్లుగా అదే పని కాబట్టి, చొక్కా చేతికో కళ్లజోడు కాడకో ఎప్పుడూ ఒక ముక్క అంటుకునే ఉండేది. ఇంటికెళ్లాక భర్త పీకి పారేసేవాడు.

ఆ విభాగం ఆస్పత్రి కింది అంతస్తులో ఉంది. కిటికీలు లేవు. రెండు మిషన్లూ ఒకేసారి తెరిస్తే గది ఉడికిపోయేది. నలభై రెండేళ్లకే టేపక్క మోకాళ్లు మొరాయించాయి. అంతకంటే ముఖ్యం, ఏదైనా తేడా వస్తే అది ఎందుకొచ్చిందో తేలేదాకా ఆమెకు అన్నం సహించదు. అందుకే మూడో అంతస్తులోని ఇన్ఫెక్షన్ నియంత్రణ విభాగంలో సహాయకుల పోస్టు పడిందని నోటీసు బోర్డు మీద చూడగానే దరఖాస్తు తెచ్చుకుంది. వార్డులు తిరిగి తనిఖీ చేయడం, లెక్కలు రాయడం, తప్పెక్కడ జరిగిందో వెతకడం ఆ ఉద్యోగం.

లోపలి బదిలీకి దరఖాస్తు పెట్టాలంటే పైఅధికారికి ముందే తెలియాలి. ఫారం మీద దానికో గడి ఉంది. ఇన్‌చార్జి మేడమ్ ఆ గడిలో సంతకం పెట్టింది. ఎందుకని అడగలేదు, మంచిదని అనలేదు. ఫారాన్ని బల్ల మీద నుంచి ఇటు జరిపింది, అంతే.

ఇంటర్వ్యూ బాగానే జరిగింది. రెండు వారాల్లో చెబుతామన్నారు. రెండు వారాలు గడిచాయి. మూడోదీ సగం గడిచింది. టేపక్కకు అనుమానం మొదలైంది.

మొదట చిన్న చిన్నవే కనిపించాయి. మేడమ్ ఆమెను పేరు పెట్టి పిలవడం మానేసి "ఆ మూట చూడండి" అని గాలిలోకి చెప్పసాగింది. ఒక మధ్యాహ్నం హెచ్‌ఆర్ అధికారి కిందికి వచ్చి మేడమ్ గదిలో అరగంట కూర్చున్నాడు. తలుపు వేసి ఉంది. ఎప్పుడూ వేయని తలుపు. ఆయన వెళ్తూ టేపక్క వైపు చూసి చూడనట్టు తల తిప్పుకున్నాడు. మర్నాడు వచ్చే నెల డ్యూటీ చార్టు గోడకెక్కింది. అందులో టేపక్క పేరు నెలాఖరు దాకా ఉంది.

"చూశావా?" అన్నాడు బాబాయ్. కత్తెరలూ పటకార్లూ లెక్కపెట్టి ట్రేలో సర్దే పెద్దాయన అతను. విభాగంలో అందరికీ బాబాయే. "నిన్ను వదిలే ఉద్దేశం ఉంటే నెలంతా నీ పేరు వేస్తుందా? నిన్ను వదలమని అడిగిన కాగితం ఆవిడ సొరుగులోనే ఉండుంటుంది. అడ్డుపుల్ల వెయ్యాలంటే గట్టిగా వద్దనక్కర్లేదమ్మా, ఊరుకుంటే చాలు."

ఆ మాట ఆమె చెవిలో పడి అక్కడే ఉండిపోయింది. ఆ రోజు నుంచి మేడమ్ సొరుగు తెరిస్తే ఆమె చూపు అటే పోయేది.

అయితే టేపక్క మనసులో ఇంకో ముల్లు కూడా ఉంది. దాన్ని ఎవరికీ చెప్పలేదు.

రెండో మిషన్‌లో కొంతకాలంగా మూటలు తడిగా బయటికొస్తున్నాయి. తడి మూట వాడకూడదు, విప్పి మళ్లీ చుట్టి మళ్లీ వేయాలి. వాళ్లు వేస్తున్నారు, తడి మూట ఒక్కటీ పైకి పోలేదు. కానీ ఎందుకు మళ్లీ వేశారో రిజిస్టరులో రాయడం లేదు. ఇంటర్వ్యూలో ఇన్ఫెక్షన్ నియంత్రణ విభాగం పెద్ద నర్సు, "మీ విభాగంలో ఒక్కటి మార్చమంటే ఏం మారుస్తారు?" అని అడిగింది. టేపక్క ఉన్నదున్నట్టు అదే చెప్పింది. ఆరు రోజుల తర్వాత మూడో అంతస్తు నుంచి ఇద్దరు చెప్పాపెట్టకుండా తనిఖీకి దిగారు. రెండో మిషన్ రిజిస్టరు తెమ్మన్నారు. ఆ పూట మేడమ్ ముఖంలోకి చూడడానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

ఆదివారం ఆడపడుచు ఇంటికి వెళ్లినప్పుడు కథంతా బయటపెట్టింది. ఆవిడ ఒక బట్టల మిల్లులో సిబ్బంది విభాగం గుమస్తా. ఇలాంటి కాగితాల మధ్యే జుట్టు నెరిసిన మనిషి.

"వదినా, హెచ్‌ఆర్ వాళ్లకి ఉత్తరం రాసుకొచ్చాను, చూడు" అని టేపక్క ఫోన్ ఇచ్చింది.

వదిన కళ్లజోడు పెట్టుకుని చదివింది. "'కొన్ని కారణాల వల్ల నా అవకాశానికి ఆటంకం కలుగుతోందేమోనని'... ఇదేంటమ్మా, ఉత్తరమా, ఫిర్యాదా? ఎవరి మీద?"

"ఎవరి పేరూ రాయలేదుగా."

"పేరు రాయకపోతే ఆవిడకి అర్థం కాదా? వాళ్లు ఇది నేరుగా ఆవిడకే పంపించి, ఏంటి సంగతి అని అడుగుతారు. అప్పుడేం చేస్తావ్?"

"పోనీ ఆ పెద్ద నర్సుని మెట్ల దగ్గర కలిసి అడగనా?"

"వద్దు. ఇంటర్వ్యూ చేసినావిడని చాటున కలిస్తే లేనిపోని మాటొస్తుంది. నిన్ను ఇంటర్వ్యూకి పిలిచిందెవరు? హెచ్‌ఆర్ వాళ్లు. వాళ్లనే అడుగు. నాలుగు ముక్కలు చాలు."

ఆవిడే చెబుతూ పోయింది, టేపక్క టైపు చేసింది. ఇంటర్వ్యూ తేదీ, పోస్టు పేరు, రెండు వారాల్లో తెలియజేస్తామన్న మాట. ఎంపిక ఎంతవరకు వచ్చిందో, ఎప్పటికల్లా తెలిసే వీలుందో చెప్పగలరని. ఇంకేమైనా వివరాలు కావాలంటే ఇస్తానని. చివరి వాక్యం: "నేను ఈ విషయం అడుగుతున్నట్టు మా ఇన్‌చార్జిగారికి తెలుసు."

"తెలియదు కదా వదినా!"

"అందుకే, తెలిశాకే పంపు."



సోమవారం ఉదయం, ఇంటర్వ్యూ అయిన ఇరవై మూడో రోజు, మొదటి లోడు ఎక్కించాక చేతులు కడుక్కుని మేడమ్ గది గుమ్మంలో నిలబడింది.

"మేడమ్, రెండు నిమిషాలు మాట్లాడొచ్చా?"

"చెప్పు."

"ఇంటర్వ్యూ సంగతి ఎంతవరకొచ్చిందో హెచ్‌ఆర్ వాళ్లని అడుగుదామనుకుంటున్నాను. మీకు తెలియకుండా అడగడం బాగుండదని ముందు మీకే చెబుతున్నాను. ఏదో ఒకటి తెలిస్తే డ్యూటీలు వేసుకోవడానికి మీకూ వీలుగా ఉంటుంది."

మేడమ్ రాస్తున్న పెన్ను ఆపింది. "నేను నీ కాగితం తొక్కిపెట్టానని ఎవరైనా చెప్పారా?"

"లేదు మేడమ్."

"బాబాయ్ చెప్పుంటాడు."

టేపక్క నేల వైపు చూసింది. అదే జవాబైంది.

"సరే. ఇప్పుడు నేనొకటి అడుగుతాను, నిజం చెప్పు. ఆ ఇంటర్వ్యూలో నా రెండో మిషన్ గురించి ఏం చెప్పావ్?"

గది బయట మిషన్ ఆవిరి వదిలిన చప్పుడు వచ్చింది.

"ఒకటి మార్చాలంటే ఏం మారుస్తావని అడిగారు. తడి లోడు మళ్లీ వేసినప్పుడు కారణం రాయాలన్నాను. మీ పేరు ఎత్తలేదు మేడమ్."

"నా విభాగం అంటే నా పేరు కాదా?" మేడమ్ గొంతు పెరగలేదు, అదే భయంగా అనిపించింది. "వాళ్లు వస్తూనే అడిగింది ఆ రిజిస్టరే. పక్కనున్నవి ముట్టుకోనైనా లేదు. రెండు వారాలకు పైగా అనుకుంటున్నాను, నా దగ్గర పని నేర్చుకుని, నా మీదే చెప్పి, పైకెళ్తోందని."

"మీతో రెండుసార్లు చెప్పాను మేడమ్. రాద్దాంలే అన్నారు."

మేడమ్ కాదనలేదు. తర్వాత పెన్ను తీసుకుని, "అడుగు. నాకేం అభ్యంతరం లేదు. నాకు కాపీ మాత్రం పెట్టకు. నేనే అడిగించినట్టు ఉంటుంది" అంది.

టేపక్క బయటికొచ్చి ఉత్తరం పంపేసింది. చివరి వాక్యం ఇప్పుడు నిజమే. అయినా కాపీ ఎందుకు వద్దంది? ఆ సాయంత్రమంతా దాన్నే నమిలింది. భర్త విని విని, "వద్దంటే వద్దని అర్థం, ఇంకేం లేదు" అని స్నానానికి లేచిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం జవాబొచ్చింది. ఇంటర్వ్యూలు పూర్తయ్యాయి. పోస్టుకు పై నుంచి ఆమోదం రావాల్సి ఉండడంతో ఎవరికీ ఇంకా చెప్పలేదు. ఇరవయ్యో తేదీకల్లా తెలియవచ్చు. ఎంపికైన వారి విషయంలోనే, ఎప్పుడు విడుదల చేయగలరని వారి పైఅధికారిని అడుగుతారు. ఆలస్యానికి మన్నించండి.

అంటే మేడమ్ సొరుగులో కాగితమేదీ లేదు. ఎవరూ మేడమ్‌ను ఏమీ అడగలేదు. టేపక్క ఆ జవాబు మూడుసార్లు చదివి, వెళ్లి మేడమ్‌కు చూపించింది. మేడమ్ చదివి, "ఇరవయ్యో తేదీ. మంచిది" అంది. మరి ఆ మూసిన తలుపు వెనక అరగంట ఏం మాట్లాడుకున్నారన్నది టేపక్క అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

బాబాయ్ మాత్రం ఒప్పుకోలేదు. "వాళ్లూ వాళ్లూ ఒకటి. రాసినవన్నీ నిజాలా?" అన్నాడు.

"నువ్వు నీ కత్తెరలు లెక్కపెట్టుకో బాబాయ్" అంది టేపక్క. అతనితో అంత కటువుగా మాట్లాడడం అదే మొదటిసారి.

ఇరవై రెండున ఫోనొచ్చింది. ఎంపికైంది. ఎప్పుడు వదలగలరని మేడమ్‌ను అడిగారు. మామూలుగా నాలుగు వారాలు. మేడమ్ ఆరు అని రాసింది. కొత్త మనిషికి రెండు మిషన్లూ నేర్పాలని కారణం చూపింది. అది అవసరమా, కక్షా అని టేపక్క వదినను అడిగింది.

"రెండూ కొంచెం కొంచెం అయ్యుండొచ్చు. ఆరు వారాలేగా, నేర్పు" అంది వదిన.

నేర్పింది. తడి లోడు మళ్లీ వేస్తే కారణం రాయాలని కొత్తమ్మాయికి ప్రత్యేకించి చెప్పింది. అప్పటికే రిజిస్టరులో దానికో కొత్త గడి గీసి ఉంది. గీతలు మేడమ్ చేతివే.

మూడో అంతస్తుకు వెళ్లిన రెండో నెలలో తనిఖీ పని మీద టేపక్క మళ్లీ కిందికి దిగింది. ఈసారి చెప్పే వచ్చింది. మేడమ్ అడగకముందే రిజిస్టర్లన్నీ తెచ్చి బల్ల మీద పేర్చింది. కూర్చోమని కుర్చీ చూపింది. తనేమో కూర్చోలేదు. టేపక్క ఒక్కో పేజీ తిప్పుతుంటే, ఆఖరి రిజిస్టరు ఆఖరి పేజీ దాకా, భుజం వెనకే నిలబడి చూస్తూనే ఉంది.