‘చూశాను’ అని మాత్రం రాశాను

చిత్తూరులో నేను పనిచేసిన హైస్కూల్లో ఒక సర్క్యులర్ పుస్తకం ఉండేది. హెడ్మాస్టరుగారు మాకు చెప్పదలచుకున్నది అందులో రాసి బంట్రోతుకు ఇస్తే, అతను గది గదికీ తిరిగి మా చేత సంతకాలు పెట్టించుకునేవాడు. ‘చూశాను’ అని రాసి కింద సంతకం చేస్తే, ఏ అభ్యంతరమూ లేదని అర్థం. ఇది బడిలో అందరికీ తెలిసిన పద్ధతి. నాకూ తెలుసు. తెలియదని నాకు నేనే చాలాసార్లు చెప్పుకున్నాను కాబట్టి ఈ మాట ముందే ఒప్పేసుకుంటున్నాను.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. కింది ఫారాలకు, అంటే చిన్న తరగతులకు, లెక్కలు చెప్పే మాస్టరు ఉన్నట్టుండి సైన్యంలో గుమాస్తాగా చేరిపోయాడు. ఆ ఖాళీకి ముగ్గురు అభ్యర్థులు మిగిలారు. వాళ్లను ఇంటర్వ్యూ చేయడానికి బడిని నడిపే కమిటీవాళ్లు ముగ్గురిని నియమించారు. హెడ్మాస్టరుగారు, సైన్సు మాస్టరు, నేను. మార్కుల కాగితం మీద మూడు సంతకాలూ లేకపోతే కమిటీ దాన్ని ముట్టుకోదు.

ఒక సోమవారం పొద్దున బంట్రోతు పుస్తకం తెచ్చాడు. అందులో హెడ్మాస్టరుగారు ఇలా రాశారు: “లెక్కల పోస్టు అభ్యర్థులను ఈ వారంలోనే చూడవలసి ఉన్నది. పరీక్షల వారం కనుక మధ్యాహ్నాలు బడి లేదు. మీకు ఏ రోజు, ఏ వేళ తీరికో మీ పేరుకు ఎదురుగా రాయగలరు. నాకు బేస్తవారం రెండు గంటలకు అనుకూలం. అభ్యర్థులకు ఈ సాయంత్రమే కార్డులు వేయాలి.”

చక్కగా, మర్యాదగా అడిగారు. నా కళ్లు మాత్రం ఆ మర్యాద మీద నిలవలేదు. కింద పేర్లున్న వరుస మీద పడ్డాయి. ముందు సైన్సు మాస్టరు పేరు, తర్వాత నాది. అతనికంటే నేను నాలుగు నెలలు సీనియర్ని! నాలుగు నెలలంటే ఇప్పుడు నవ్వు వస్తుంది గాని, ఆ రోజు ఒళ్లు మండింది. సైన్సు గది హెడ్మాస్టరు గది పక్కనే ఉందనీ, బంట్రోతుకు నడక కలిసొస్తుందని పేర్లు ఆ వరుసలో రాస్తారనీ చాలా కాలానికి గాని తెలియలేదు.

సైన్సు మాస్టరు తన పేరుకు ఎదురుగా ‘బేస్తవారం సరే’ అని రాశాడు. నేను ‘చూశాను’ అని మాత్రం రాసి, సంతకం గీకి, పుస్తకం బంట్రోతు చేతిలో పడేశాను. రోజు రాయలేదు, వేళ రాయలేదు. వస్తానని నేను మాటివ్వలేదు కదా అన్నది నా తెలివి. వాళ్లే నా దగ్గరికి వచ్చి బతిమాలితే అప్పుడు చూద్దాం అనుకున్నాను. ఎవరూ రాలేదు. ఎందుకు వస్తారు? నేను ఒప్పుకున్నట్టే లెక్క వేసి, ఆ సాయంత్రమే కార్డులు టపాలో వేసేశారు.

బేస్తవారం మధ్యాహ్నం ఇంట్లో భోంచేసి పడుకున్నాను. రెండున్నరకు బంట్రోతు వచ్చి తలుపు తట్టాడు.

“సారును పెద్దసారు పిలస్తా ఉండారమ్మా. పని కోసరం ముగ్గురు అయ్యవార్లు వచ్చి కూర్చోనుండారు” అన్నాడు.

నేను లోపలి నుంచే చెయ్యి అడ్డంగా ఊపాను. మా ఆవిడ నా వైపు చూసింది. తర్వాత వాకిట్లోకి వెళ్లి, “తిరుపతికి పోయినారప్పా” అంది. అతను వెళ్లాక వంటింట్లోకి పోతూ, “నాతో అబద్ధం చెప్పిస్తిరి గదా” అంది. తిడితే బాగుండేది, నేనూ రెండు మాటలు అనేవాణ్ణి.

నాలుగు దాటాక అరుగు మీదికి వచ్చి కూర్చున్నాను. మా ఇల్లు బడికీ బస్సుస్టాండుకూ మధ్యన. కాసేపటికి ఒకాయన చేతిసంచితో మెల్లగా నడుచుకుంటూ వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి. ఇస్త్రీ చేసిన చొక్కా చెమటకు తడిసి వీపుకు అతుక్కుపోయింది. “సామీ, రవంత నీళ్లిస్తారా?” అని అడిగాడు.

మా ఆవిడ మజ్జిగ తెచ్చి ఇచ్చింది. తాగి, అరుగు చివర కూర్చుని, తనంతట తానే చెప్పుకొచ్చాడు. పుత్తూరు దగ్గర పల్లెలో ఒక్క అయ్యవారే ఉండే బడి, ఆ అయ్యవారు తనే. భార్య ఈ ఊరి ఆసుపత్రిలో నర్సు. పెళ్లయి నాలుగేళ్లు, బిడ్డకు రెండేళ్లు. నెలకొక తూరి వచ్చి చూసిపోవడమే.

“ఈ పని దొరికితే అందరం ఒక్క చోట ఉండొచ్చు సామీ. ఈ యుద్ధంలో పెట్రోలు యాడిది, బొగ్గు బస్సు దోవలో రెండు తూర్లు నిలబడిపోయినా ఒంటి గంటకంతా బడికాడికి చేరినాను. ముగ్గురు సార్లలో ఒకాయన రాలేదంట. సోమవారం రమ్మన్నారు.”

“రావచ్చు గదా సోమవారం” అన్నాను.

“యాడ వచ్చేది? సోమవారం మా బడికి ఇన్‌స్పెక్టరు వస్తాడు. ఆ పొద్దు బడి మూసి వస్తే ఉండే పని కూడా పోతాది. ఆ మాట పెద్దసారుకు చెప్పలేకపోయినా. అసలే ఆయన తల పట్టుకోనుండాడు, మళ్లీ నేనొక సాకు చెప్తే పేరు కొట్టేస్తాడేమోనని తల ఊపి వచ్చేసినా. ఆయనా, ఇంకో సారూ ఇంకా గదిలోనే ఉండారు. ఆ సారు తిరుపతి నుంచి దిగితే ఇప్పుడైనా మమ్మల్ని చూస్తారంట.”

ఆయన బస్సుకు ఇంకా గంట ఉంది. బడి ఫర్లాంగు దూరం. నేను చొక్కా తగిలించుకుని, “రండి, పోదాం” అంటే చాలు. మిగతా ఇద్దరు అభ్యర్థులూ ఊళ్లోవాళ్లే, బంట్రోతును పంపితే పావుగంటలో వస్తారు. లేచి నిలబడ్డాను కూడా. తలుపు దగ్గర మా ఆవిడ నిలబడి ఉంది. నేను వెళతాననే ఆమె అనుకుంది, ఆ ముఖం నాకింకా గుర్తుంది. కాని వెళితే నేను ఊళ్లోనే ఉన్నానని హెడ్మాస్టరుగారికీ, బంట్రోతుకూ, ఈ మనిషికీ తెలిసిపోతుంది. మళ్లీ కూర్చున్నాను.

“పాపం, ఆ సారుకు ఏం కష్టమొచ్చిందో! కావాలని ఎవురూ అట్ల చెయ్యరు గదా సామీ” అన్నాడాయన. సంచి తీసుకుని మా ఇద్దరికీ దండం పెట్టి, ఆసుపత్రి వైపు తిరిగాడు. బస్సు ఎక్కే ముందు భార్యకు చెప్పి పోవాలట.

సిగ్గుతో చచ్చిపోయాను అంటుంటారు. నేను చావలేదు సరికదా, రాత్రి మామూలుగానే భోంచేశాను. అది తలుచుకుంటే ఇంకా సిగ్గు.

సోమవారం అందరికంటే ముందు బడికి వెళ్లింది నేనే. హెడ్మాస్టరుగారు నన్ను పల్లెత్తు మాట అనలేదు. “ఇంట్లో అంతా కులాసానా?” అని మాత్రం అడిగారు. ఇద్దరినీ చూశాం, మార్కులు వేశాం. మూడో అభ్యర్థి కోసం నాలుగు గంటల వరకు కాచుకున్నాం. హెడ్మాస్టరుగారు అతని దరఖాస్తు చేతిలో పట్టుకుని వదలలేకపోయారు.

“మంచి అప్లికేషను రాసినాడప్పా. ఏదన్నా అడ్డమొచ్చి ఉంటుందా? ఇంకో రెండు దినాలు కాచుకుందామా?” అని నన్నే అడిగారు.

ఇన్‌స్పెక్టరు సంగతి ఆ గదిలో నాకొక్కడికే తెలుసు. చెబితే, నీకెలా తెలుసని అడుగుతారు.

“ఆయనకు ఈ ఉద్యోగం అంతగా అక్కర్లేదేమో సార్” అన్నాను.